‘ఇక చాలు’ అన్నాక పెట్టిన కామెంట్

ప్రశ్న: లాయరు గారూ, నేనూ మా ఫ్రెండూ ముందే అనుకుని ఆన్‌లైన్‌లో అందరి ముందూ ఒకరినొకరు వెక్కిరించుకునే రోస్ట్ బ్యాటిల్ పెట్టుకున్నాం. రాత్రి 11:41కి అతను ‘ఇక చాలు, ఆపుదాం’ అని రాశాడు. ఊపులో ఉండి 11:48కి నేను ‘టూర్ చందా నొక్కేసినోడివి, నువ్వా మాట్లాడేది’ అని పెట్టాను. పొద్దున్నే తీసేశాను. ఈలోపు ఎవరో స్క్రీన్‌షాట్ తీసి గ్రూపుల్లో తిప్పారు. ఇప్పుడు పరువునష్టం నోటీసు వచ్చింది. సరదాకి అన్నదే కదా, డిలీట్ కూడా చేశాను. కేసు నిలుస్తుందా?

జవాబు: నిలిచే అవకాశం ఉంది. అయితే బ్యాటిల్ మొత్తం మీద కాదు, ఆ ఒక్క కామెంట్ మీద.

11:41కి ముందు ఒకరి జుట్టు గురించి, పాట గురించి, ఇంగ్లిష్ గురించి ఇంకొకరు ఎంత ఘాటుగా అనుకున్నా పెద్ద భయం లేదు. ఇద్దరూ ఒప్పుకుని దిగారు, చదివేవాళ్లకీ అది వెక్కిరింతేనని తెలుసు. చందా మాట అలాంటిది కాదు. ‘నువ్వు పాడితే కుక్కలు పారిపోతాయి’ అంటే ఎవరూ నిజమనుకోరు. ‘చందా నొక్కేశావు’ అంటే మాత్రం టూర్‌కి డబ్బు కట్టిన ప్రతివాడూ లెక్క అడుగుతాడు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ చూసేది ఇలాంటి ఆరోపణనే. పరువు తీయాలనే ఉద్దేశం మీకు ఉండి తీరాలని లేదు. పరువు పోతుందని తెలిసినా, అలా అనుకోవడానికి తగిన కారణం ఉన్నా చాలు. అవతలివాడు ఆపమన్న ఏడు నిమిషాలకు రాశారు కాబట్టి, ‘అతనికీ ఇష్టమే అనుకున్నాను’ అనే వాదన బలహీనపడుతుంది. రోస్ట్‌లో సమ్మతి మొదట్లో ఒకసారి ఇస్తే చివరిదాకా చెల్లేది కాదు. వద్దన్న నిమిషంతో ఆగిపోతుంది.

తీసేయడం మంచి పనే. నష్టం పెరగకుండా చూశారని చెప్పుకోవచ్చు. కానీ మూడో మనిషి ఒక్కరు చదివిన క్షణానే ప్రచురణ జరిగిపోయింది. పైగా ఆ స్క్రీన్‌షాట్‌లో మీ నవ్వు ఎమోజీలు లేవు, అంతకుముందు అతను మిమ్మల్ని అన్నవీ లేవు. పొద్దున టీ తాగుతూ గ్రూపులో చూసేవాడికి రాత్రి సరదా కనపడదు, ‘చందా నొక్కేశాడు’ అన్న ఒక్క ముక్కే కనపడుతుంది. దాన్ని తిప్పినవాళ్లు తమ వంతుకు తామూ జవాబు చెప్పాలి. అంతమాత్రాన మీ బాధ్యత వాళ్ల మీదికి పోదు. నష్టపరిహారం దావాకి ప్రచురించిన నాటినుంచి ఏడాది గడువు. క్రిమినల్ ఫిర్యాదుకు 3 ఏళ్లు. రెండేళ్లదాకా సాధారణ జైలు, జరిమానా, లేదా రెండూ, లేదంటే సమాజ సేవ శిక్షగా పడవచ్చు. పోలీసులు నేరుగా కేసు కట్టే నేరం కాదిది. అతనే మేజిస్ట్రేట్ దగ్గర ఫిర్యాదు వేయాలి.

కోర్టులో ఉత్త స్క్రీన్‌షాట్ చూపిస్తే సరిపోదు. భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో ఆ ఫైల్‌కి వేలిముద్రలాంటి హ్యాష్ విలువ ఉంటుంది, ఫైల్‌లో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. అయితే ఈ లొసుగు మీద ఆశ పెట్టుకోకండి, సర్టిఫికెట్ తెచ్చుకోవడం కష్టం కాదు. మీకు పనికొచ్చేది మిగతా థ్రెడ్. కంగారులో దాన్ని కూడా తుడిచేస్తే, ఇద్దరూ ఒప్పుకుని ఆడారనడానికి ఉన్న ఆధారం మీ చేతులతో మీరే పోగొట్టుకున్నట్టు. మొదటి పోస్టు నుంచి చివరిదాకా లింకు, తేదీ, సమయం కనపడేలా స్క్రీన్ రికార్డింగ్ తీయండి. అకౌంట్ సెట్టింగ్స్‌లో మీ డేటా కాపీ డౌన్‌లోడ్ చేసుకునే వీలుంటే అదీ తీసుకోండి. ‘రేపు బ్యాటిల్ పెట్టుకుందాం’ అని ముందు మాట్లాడుకున్న చాట్ అన్నిటికన్నా ముఖ్యం. ఫోన్ మార్చకండి, రీసెట్ చేయకండి.

నోటీసు అంటే ఇంకా కేసు కాదు. అందులో ఇచ్చిన గడువులోగా లాయరు చేత జవాబు పంపించండి. నోటీసు ఫొటో తీసి స్టోరీలో పెడితే అదే ఆరోపణ రెండోసారి ప్రచారం చేసినట్టవుతుంది. అర్ధరాత్రి అతనికి మెసేజ్‌లు పెట్టడమూ వద్దు, తొందరలో రాసిన ముక్క రేపు ఒప్పుకోలుగా ముందుకొస్తుంది.

చందా విషయంలో మీ దగ్గర రసీదులూ లెక్కలూ లేకపోతే వాదనకి దిగకుండా మాట వెనక్కి తీసుకోవడమే నా సలహా. ఏ పేజీలో అన్నారో అదే పేజీలో, స్క్రీన్‌షాట్ తిరిగిన గ్రూపుల్లోనూ పెట్టాలి. ‘ఎవరైనా బాధపడి ఉంటే సారీ’ అనే రకం క్షమాపణ అతన్ని ఇంకా రెచ్చగొడుతుంది. ‘ఫలానా తేదీ రాత్రి అతని గురించి నేను పెట్టిన ఆరోపణకు ఆధారం లేదు. దాన్ని ఉపసంహరించుకుంటున్నాను, క్షమించమని కోరుతున్నాను. ఆ స్క్రీన్‌షాట్ ఉన్నవాళ్లు దయచేసి తీసేయండి’ అని రాస్తే చాలు. చందా అనే మాట మళ్లీ ఎత్తకండి. పెట్టేముందు మీ లాయరు చేత ఆ వాక్యాలు అతని లాయరుకు పంపించి, దీనితో విషయం ముగిసినట్టేనని రాతపూర్వకంగా ఒప్పించుకోండి. ఒకవేళ కేసు వేసినా రాజీకి వీలున్న నేరమే ఇది, పరువు పోయిన వ్యక్తి ఒప్పుకుంటే కోర్టులోనే ముగించుకోవచ్చు.