టీవీలో స్పోర్ట్స్ మోడ్ పెడితే క్రికెట్ నిజంగా బాగా కనిపిస్తుందా?

ప్రశ్న: మ్యాచ్ చూసేటప్పుడు స్పోర్ట్స్ మోడ్, స్టేడియం సౌండ్ ఆన్ చేయాలా? బొమ్మ పాడవుతుందా?

పగటి వెలుతురున్న గదిలో స్పోర్ట్స్ మోడ్ కొంత పనికొస్తుంది, చీకటి గదిలో మాత్రం చాలా టీవీల్లో బొమ్మను పాడుచేస్తుంది. స్టేడియం సౌండ్‌కు బొమ్మతో సంబంధమే లేదు.

ఈ మోడ్ సాధారణంగా వెలుగు, రంగులు, షార్ప్‌నెస్ పెంచుతుంది. దాంతో పచ్చిక నియాన్ రంగులోకి మారి, ఆటగాళ్ల చుట్టూ తెల్లటి అంచులు వస్తాయి. మోషన్ స్మూతింగ్ కూడా ఎక్కువవుతుంది. అంటే రెండు ఫ్రేమ్‌ల మధ్య ఏముండాలో టీవీ ఊహించి కొత్త ఫ్రేమ్ చేరుస్తుంది. కెమెరా మైదానమంతా మెల్లగా తిరిగేటప్పుడు ఆ ఊహ బాగానే కుదురుతుంది. సిక్సర్ కొట్టిన బంతి ప్రేక్షకుల మీదుగా వెళ్తుంటే అంత చిన్న చుక్కను టీవీ పట్టుకోలేకపోతుంది. బంతికి తోక వస్తుంది, లేదా క్షణం మాయమవుతుంది. అలా కనిపిస్తే స్మూతింగ్‌ను కనిష్ఠానికి తగ్గించండి. స్కోరు అక్షరాల చుట్టూ తెల్లగీత పోయేదాకా షార్ప్‌నెస్ కూడా తగ్గించండి.

ఈ మోడ్ పెడితే క్లారిటీ పెరుగుతుందని చాలామంది అనుకుంటారు. ప్రసారంలో లేని వివరాన్ని ఏ మోడూ తేలేదు. స్టేడియం సౌండ్ కూడా అంతే, ఉన్న శబ్దానికే ప్రతిధ్వని కలుపుతుంది. కామెంటరీ ముద్దగా వినిపిస్తే ఆపేయడమే మేలు.