క్రియ వచ్చేదాకా ఆగండి

ప్రశ్న: మా ఊరి రైతుల సమావేశాల్లో పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో ఎలా అందుకోవాలి? గట్టిగా చెబితే పొగరంటారు, మెల్లగా చెబితే వీడికేం తెలుసంటారు.

జవాబు: నలుగురిలో నవ్వులపాలయ్యాకే నాకు ఇది తెలిసింది. మాది నెల్లూరు జిల్లా, ఇందుకూరుపేట వైపు. రొయ్యల గుంటలు మా బతుకు. ఉప్పుకాలువ ఒకటే. అందరం అందులోంచే నీళ్లు తోడుకుంటాం, అందులోకే వదులుతాం. ఒక ఏడు ఎగువన ఒకరి గుంటకు తెల్లమచ్చల వ్యాధి తగిలితే, సాయంత్రం అందరం కూర్చున్నాం. వరసకు నాకు మామ అయ్యే ఒక పెద్దాయన, "రోగం వచ్చిన గుంట నీళ్లు బ్లీచింగ్ వేయకుండా కాలువలోకి..." అన్నారో లేదో, నేను లేచి "వదిలితే మా గతేమిటి మామా?" అని అరిచాను. ఆయన తాపీగా నా వైపు చూసి, "వదలకూడదనే చెప్పబోతున్నానయ్యా" అన్నారు. ఆ తరువాత ఆ సాయంత్రమంతా నేను నోరు తెరవలేదు.

మన భాషలో అవుననేదీ కాదనేదీ వాక్యం చివర ఉంటుంది. "కాలువలోకి" దగ్గర ఉండగా మనిషి వదలమంటాడో వద్దంటాడో తెలియదు. అందుకే క్రియ వినపడేదాకా ఆగాలి. "కాబట్టి", "ఎందుకంటే", "వచ్చి", "చూసి" అన్నారంటే ఆ మాట ఇంకా సాగుతుందని అర్థం. అక్కడ దూరితే ఎవరికైనా మండుతుంది. "కదా", "మరి", "అంతే" అన్నారంటే తలుపు తీసినట్టే. ముఖ్యంగా "కదా" అన్నవాడు జవాబు కోసం మన ముఖంలోకే చూస్తాడు. ఆ జవాబు ఇచ్చి, ఆగకుండా మన మాటలోకి వెళ్లిపోవచ్చు.

వెళ్లేటప్పుడు వరస పెట్టి పిలిచి, ఆయన వాడిన మాటే పట్టుకోండి: "మామా, ఆటుకు వదులుదాం అన్నారే, అక్కడ ఒక్క మాట." అంతకంటే ముందుమాట అక్కర్లేదు. "తప్పుగా అనుకోకండి" అని మొదలుపెట్టడం నాకు నచ్చదు. ఏదో అనబోతున్నాడని ఎదుటివాడు ముందే బిగుసుకుంటాడు.

ఆ తెల్లమచ్చల గొడవ మరుసటి వారం మళ్లీ వచ్చింది. ఈసారి గుంట యజమాని, "అమావాస్య ఆటుకు నీరు జోరుగా సముద్రంలోకి లాగేస్తుంది, ఆ రోజు వదిలేస్తాను, ఎవరికీ నష్టం లేదు కదా" అన్నాడు. పాతరోజుల్లో అయితే నేను "మళ్లీ పోటుకు వెనక్కి వస్తుందేమో అన్నా, మాకు ఇబ్బంది అవుతుందేమో" అనేవాణ్ని. రెండు "ఏమో"లు పడ్డాయంటే ఆ మాట ఎవరూ లెక్కచేయరు. ఈసారి ఇలా అన్నాను: "అన్నా, ఆటు జోరు సంగతి మీరన్నదే నిజం. కానీ ఆరు గంటల తరువాత పోటు వస్తుంది. నా మోటారు మీ తూముకు దిగువన ఉంది. పోటు మీదే నేను నీళ్లు తోడుకుంటాను. బ్లీచింగ్ వేసి నిలవ ఉంచకుండా వదిలితే ఆ రోగం నా గుంటలోకే వస్తుంది. ఎన్నాళ్లు నిలవ ఉంచాలో నాకు సరిగా తెలియదు, అది మత్స్యశాఖ వాళ్లను అడుగుదాం."

ఇందులో ఒప్పుకున్నది ఏదో విడిగా ఉంది, ఒప్పుకోనిది విడిగా ఉంది. తూము ఎక్కడుందో, మోటారు ఎక్కడుందో నేను కళ్లారా చూసినవి, వాటికి "ఏమో" తగిలించలేదు. తెలియనిది ఒకటే, దాన్ని తెలియదనే చెప్పాను. "అది కాదు, మీకు అర్థం కాలేదు" లాంటి మాట ఎక్కడా రానివ్వలేదు. అతను కాసేపు గొణిగినా, వదలడం వాయిదా వేశాడు.

ఇంకో చిక్కు, ఊ కొట్టడం. వింటున్నానని మనం "ఊఁ, ఊఁ" అంటాం. చెప్పేవాడు దాన్ని ఒప్పుకోలు కింద జమ చేసుకుని, రేపు "నువ్వే ఊఁ అన్నావుగా" అంటాడు. కాదనదలుచుకున్న చోట నేను ఊ కొట్టను, తల కూడా ఊపను. వినేటప్పుడు చూపు మాత్రం ఆయన మీదే ఉంచుతాను.

ఇవన్నీ ఒకరి తరువాత ఒకరు మాట్లాడే చోటే పనికొస్తాయి. ముగ్గురు ఒక్కసారిగా కేకలేస్తుంటే నేనూ ఊరుకుంటాను, తరువాత టీ దగ్గర ఒక్కరిని పట్టుకుని చెబుతాను.

మరి క్రియే రానివ్వకుండా "వెళ్లి, చూసి, మాట్లాడి..." అంటూ పది నిమిషాలు లాగేవాళ్ల సంగతి? వాళ్లను చిన్న ప్రశ్నతో ఆపవచ్చు. "ఏ రోజు మామా అది?" అని అడగండి. అడ్డం వచ్చాడని ఎవరూ అనుకోరు, శ్రద్ధగా వింటున్నాడనుకుంటారు. ఆయన "మొన్న శనివారం" అని ఆగుతారు. ఆ ఆగిన చోటే మీరు అందుకోండి.