క్లాసుకు 500 అంటే నెలకు చేతికి ఎంత మిగులుతుంది?

"బీటెక్ అయ్యింది, హైదరాబాద్‌లో హోమ్ ట్యూషన్లు చెబుదామనుకుంటున్నాను. గంట క్లాసుకు 500 ఇస్తామంటున్నారు. నలుగురు పిల్లలు, వారానికి మూడేసి క్లాసులు. అంటే నెలకు 26 వేలు. నిజంగా వస్తాయా?"

నాకైతే రాలేదండి. మియాపూర్‌లో ఉంటూ తొమ్మిది, పది తరగతుల పిల్లలకు లెక్కలు, ఫిజిక్స్ చెప్పాను. నావీ సరిగ్గా మీరు చెప్పిన లెక్కే: నలుగురు పిల్లలు, నెలకు 52 క్లాసులు. సోమ, బుధ, శుక్రవారాల్లో నిజాంపేట, బాచుపల్లి. మిగతా మూడు రోజులు చందానగర్, కొండాపూర్. డైరీలో రాసుకునే అలవాటుంది కాబట్టి ఒక నవంబర్ నెల లెక్క మీ ముందు పెడతాను. దసరా సెలవులు, సంక్రాంతి లాంటివి లేని మంచి నెల అది.

52 క్లాసుల్లో జరిగినవి 41. పోయిన పదకొండింటిలో ఆరు ముందురోజే చెప్పారు: యూనిట్ టెస్టులు, జ్వరం, ఊరి ప్రయాణం. వాటికి పెద్దగా బాధ లేదు, ఆ సాయంత్రం ఇంట్లో ఉంటాం. మిగతా ఐదూ అదే రోజు పోయినవి. అందులో రెండుసార్లు గేటు దాకా వెళ్ళాను. సెక్యూరిటీ అతను ఫ్లాటుకు ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. ఆ తర్వాత "సారీ సార్, ఫంక్షన్‌కి వచ్చాం, చెప్పడం మర్చిపోయాం" అని మెసేజ్.

రోజుకు రెండు ఇళ్ళు ఉన్నప్పుడు మొదటి క్లాసు రద్దయితే ఇంకో చిక్కు. ఇంటికి వెళ్ళి మళ్ళీ రావడానికి టైమ్ చాలదు, రెండో క్లాసుకు గంటంబావు ఉంటుంది. టీ బండి దగ్గర నిలబడి కరెక్షన్ చేసిన రోజులున్నాయి.

చేతికి వచ్చింది 20,500. ఇరవై నాలుగు రోజులు తిరిగాను, రోజుకు సగటున 18 కిలోమీటర్లు. స్కూటీ 45 ఇస్తుంది, పెట్రోలు అప్పట్లో లీటరు 107. పెట్రోలు వెయ్యీ ముప్పై దాకా అయింది. సర్వీసింగు, టైర్ల కోసం నెలకు 300 పక్కన పెడతాను, జిరాక్సులకు 250. మిగిలింది దాదాపు 18,900.

ఇక సమయం. గంట క్లాసు అంటారు గానీ పిల్లాడు డౌట్ అడుగుతుంటే లేచి రాలేం, గంటంబావు అవుతుంది. 41 క్లాసులకు 51 గంటలు. సాయంత్రం ట్రాఫిక్‌లో రోజుకు గంటన్నర చొప్పున ప్రయాణం 36 గంటలు. టెస్టు పేపర్లు తయారు చేయడం, దిద్దడం పది గంటలు. మొత్తం 97. అంటే గంటకు 195 రూపాయలు. మనం 500 అనుకున్నది అదీ.

ఏడాది లెక్క ఇంకా పలచన. జూన్‌లో పిల్లలు కుదరడానికే సగం నెల పోతుంది. మార్చిలో పదో తరగతి పరీక్షలు కాగానే ట్యూషన్ ఆగిపోతుంది, ఏప్రిల్, మే నాకు సున్నా. ఒక పిల్లాణ్ణి చూపించిన ఏజెన్సీ మొదటి నెల ఫీజులో సగం పట్టుకుంది. అన్నీ పోను ఆ సంవత్సరం మిగిలింది లక్షా యాభై రెండు వేలు, నెలకు పన్నెండు వేల ఏడు వందలు దాటలేదు.

మీరు ఫీజు చెప్పేముందు ఈ లెక్క చేసుకోండి. నా 97 గంటల్ని 41తో భాగిస్తే ఒక్కో క్లాసు దాదాపు రెండు గంటల ఇరవై నిమిషాలు తింటోంది. గంటకు 300 అయినా గిట్టాలనుకుంటే 710, ఖర్చులకు మరో 40. అంటే నా దూరాలకు క్లాసుకు 750 అడగాలి. అదే రెండు ఇళ్ళూ ఒకే అపార్ట్‌మెంట్‌లో దొరికితే 600కే అంతకంటే మేలు కావచ్చు. ఫీజు పెంచమని బతిమాలడం కన్నా దూరం తగ్గించుకోవడం నాకు తేలికైంది. కొండాపూర్ మానేసి నిజాంపేటలోనే ఇంకొకరిని వెతుక్కున్నాను.

రెండో ఏడాది నుంచి క్లాసుల లెక్కన తీసుకోవడం కూడా మానేశాను. నెలకు 12 క్లాసులు, ఫీజు ఐదో తారీఖు లోపు ముందే. ముందురోజు రాత్రి తొమ్మిదిలోపు చెబితే ఆదివారం ఇంకో క్లాసు పెడతాను, అదే రోజు చెబితే ఆ క్లాసు జరిగినట్టే. ఇది మొదటి రోజే వాట్సాప్‌లో పెట్టాలి. మధ్యలో చెబితే గొడవే. నలుగురిలో ముగ్గురు ఒప్పుకున్నారు. నాలుగో ఆయన "రాని క్లాసుకు డబ్బులేంటి సార్" అని మానిపించేశారు. పోయిన ఏడాది అదే రోజు రద్దుల్లో ఎక్కువ వాళ్ళింటివే, అందుకని నేనూ మళ్ళీ ఫోన్ చేయలేదు.