సంతకం పెట్టాక ‘ఆపరేషన్ వద్దు’ అంటే.. నర్సు ఆపడం తప్పా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా నాన్నగారికి 67 ఏళ్లు. చాలాకాలంగా షుగర్ ఉంది. కుడిపాదంలో మూడు వేళ్లు నల్లబడ్డాయి. మోకాలి కింద నుంచి కాలు తీసేయాలని సర్జన్ చెప్పారు. రాత్రి నాన్న కాగితాల మీద సంతకం పెట్టారు. తెల్లారి థియేటర్‌కు తీసుకెళ్లబోతుంటే ‘నాకొద్దు’ అన్నారు. వెంటనే స్టాఫ్ నర్సు స్ట్రెచర్ ఆపించి డాక్టర్‌కు ఫోన్ చేసింది, ఆపరేషన్ వాయిదా పడింది. కొడుకుగా నేను సంతకం పెడతానన్నా ఒప్పుకోలేదు. భయంతో అన్న మాటను పట్టుకుని ప్రాణం మీదికి తేవడం న్యాయమా? మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చేసేయకూడదా?

జవాబు: న్యాయం సంగతికి ముందు ఒక అత్యవసర విషయం చెబుతాను. నాన్నగారికి వణుకుతో జ్వరం వచ్చినా, మగతగా ఉన్నా, మాట పొంతన తప్పినా, ఆయాసం మొదలైనా, పాదం వాచి తడిగా మారి దుర్వాసన వస్తున్నా, నలుపు పైకి పాకుతున్నా డాక్టర్ రౌండ్స్ దాకా ఆగకుండా ఆ క్షణమే నర్సుకు చెప్పండి. ఇన్ఫెక్షన్ సోకిన తడి గ్యాంగ్రిన్ కొన్ని గంటల్లోనే ఒళ్లంతా పాకి ప్రాణం తీయగలదు. వేళ్లు ఎండిపోయి, నలుపు గీత గీసినట్టు ఒకచోట ఆగి, ఇన్ఫెక్షన్ లేకుండా ఉంటే మాత్రం సాధారణంగా మాట్లాడుకోవడానికి వ్యవధి ఉంటుంది. మీ నాన్నగారిది ఈ రెండింటిలో ఏదో సర్జన్‌ను అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఆయనతో తీరిగ్గా మాట్లాడే సమయం ఎంత ఉందన్నది దాన్ని బట్టే తేలుతుంది.

ఇక నర్సు చేసిన పని సరైనదే. రాత్రి పెట్టిన సంతకం అప్పటికి ఆయన ఒప్పుకున్నారనడానికి సాక్ష్యమే తప్ప, తెల్లవారాక మనసు మార్చుకునే హక్కును వదులుకున్నట్టు కాదు. మత్తు ఇచ్చేలోపు ఎప్పుడైనా, స్ట్రెచర్ మీద ఉండి కూడా, ఆయన అంగీకారాన్ని వెనక్కి తీసుకోవచ్చు. ఆపరేషన్‌ను రద్దు చేసే అధికారం నర్సుకు లేదు, ఆమె చేసింది కూడా అది కాదు. రోగి వద్దంటున్నాడని తెలిశాక ముందుకు తోయకుండా ఆపి, నిర్ణయం తీసుకోవాల్సిన సర్జన్‌కు ఆ మాట చేరవేసింది. ఆపరేషన్ ఎందుకు, చేస్తే ఏమిటి, చేయకపోతే ఏమిటి, వేరే దారులేమిటి అన్నది వివరించడం ఆపరేషన్ చేసే డాక్టర్ బాధ్యత. కాగితం మీద సాక్షిగా నర్సు పెట్టే సంతకానికి సాధారణంగా ఉన్న అర్థం ఒక్కటే: ఆ సంతకం ఈ మనిషే, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఎదుట పెట్టాడని. రోగికి విషయం అర్థం కాలేదని గానీ, మనసు మారిందని గానీ అనుమానం వస్తే అక్కడ ఆగి డాక్టర్‌ను పిలవడం ఆమె వృత్తిధర్మం.

మీ ఆవేదన వెనుక ఉన్నది కూడా ఒక వృత్తిధర్మమే. రోగికి మేలు చేయాలన్న ఆ సూత్రాన్ని వైద్యంలో బెనిఫిసెన్స్ అంటారు. రోగి తన శరీరం గురించి తానే నిర్ణయించుకోవడం అటానమీ. 1979లో బోషాంప్, చైల్డ్రెస్ అనే ఇద్దరు అమెరికన్ పండితులు ఈ రెండింటితోపాటు హాని చేయకపోవడం, న్యాయం అనే మరో రెండు సూత్రాలను కలిపి ఒక చట్రంగా చూపారు, నర్సింగ్ విద్యార్థులకు నేటికీ అదే నేర్పుతారు. ఈ నాలుగింటిలో ఏదీ ఎల్లవేళలా మిగతావాటికన్నా పైన ఉండదని, సందర్భాన్ని బట్టి తూచుకోవాలని వారి వాదన. అయితే ఆలోచనాశక్తి సవ్యంగా ఉన్న పెద్దమనిషి తన కాలు తీయవద్దంటే, ఆయన మేలు కోసమే అయినా తీయడానికి వీల్లేదన్నది వైద్యనీతిలో స్థిరపడిన విషయం. మత్తు ఇచ్చి చేస్తే అది చికిత్స అనిపించుకోదు, దాడి అవుతుంది.

అందువల్ల అసలు తేల్చుకోవాల్సింది ఆయన ఆలోచనాశక్తి ఆ ఉదయం సవ్యంగా ఉందా లేదా అన్నది. దీన్ని మాటలతో కాక ఒంటితో మొదలుపెట్టాలి. ఆపరేషన్ కోసం రాత్రి నుంచి ఏమీ తిననివ్వరు, ఇన్సులిన్ ప్రభావం ఒంట్లో ఇంకా ఉండవచ్చు, కనుక మంచి నర్సు మొట్టమొదట చేసే పని వేలిపై సూది గుచ్చి షుగర్ చూడటం. అది 70 కంటే తగ్గితే సరిచేయాలి, బాగా పడిపోతే మనిషి చిరాకుపడతాడు, పొంతన లేకుండా మాట్లాడతాడు. తర్వాత జ్వరం, నాడి, బీపీ, ఆక్సిజన్ చూసి, గడిచిన కొద్ది గంటల్లో నొప్పికి గానీ నిద్రకు గానీ ఏ మందులు పడ్డాయో చార్టులో వెతకాలి. ఇన్ఫెక్షన్ వల్ల మతి తాత్కాలికంగా తడబడే స్థితి, అంటే డెలీరియం, వయసు మళ్లినవారిలో తరచుగా వస్తుంది. వారాల పేర్లు వెనక నుంచి చెప్పమంటే మధ్యలో దారి తప్పడం, పొద్దున బాగుండి సాయంత్రానికి మారిపోవడం దాని గుర్తులు. డెలీరియంలో అందరూ కేకలు వేయరు. కొందరు మౌనంగా, అన్నిటికీ తలాడిస్తూ పడుకుంటారు, అలాంటివారు ఏ కాగితం మీదనైనా సంతకం పెట్టేస్తారు. రోగి వద్దన్నప్పుడే మనకు అతని మతి మీద అనుమానం వస్తుంది గానీ సరేనన్నప్పుడు రాదు. మీ నాన్నగారి విషయంలోనూ రాత్రి సంతకం ఏ స్థితిలో జరిగిందో చూడాల్సిందే. నొప్పికి బలమైన ఇంజెక్షన్ పడ్డాక, మగతలో పెట్టిన సంతకమైతే తెల్లారి ఆయన అన్న ‘వద్దు’ కంటే అదే ఎక్కువ అనుమానించదగింది.

ఒంట్లో ఇవన్నీ సరిగ్గా ఉన్నాయని తేలాక మాటల పరీక్ష. ఇందులో చూసేవి నాలుగు: చెప్పింది అర్థమైందా, అది తనకే వర్తిస్తుందని గ్రహించాడా, లాభనష్టాలు బేరీజు వేయగలుగుతున్నాడా, ఒక నిర్ణయాన్ని స్పష్టంగా చెప్పగలుగుతున్నాడా. ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ అయిందనే అంటారు కాబట్టి, ‘డాక్టర్ ఏం చెప్పారో మీ మాటల్లో ఒకసారి చెప్పండి’ అని అడగాలి. అప్పుడు మీ నాన్నగారు ‘ఇన్ఫెక్షన్ పైకి పాకితే చచ్చిపోతానన్నారు, తెలుసు, అయినా కాలు లేకుండా బతకడం నాకిష్టం లేదు’ అంటే, మనకు ఎంత కష్టంగా ఉన్నా, అది ఆలోచించి చెప్పిన మాట. ‘నా కాలికేమీ కాలేదు, ఆ నలుపు కడిగితే పోతుంది’ అంటే ఆయనకు విషయం తెలియనైనా తెలియలేదు, లేదా అది తన కాలేనని గ్రహించే శక్తి ఆ సమయానికి లేదు. విషయం తెలియకపోతే మళ్లీ వివరించాలి, గ్రహించే శక్తి లేకపోతే డాక్టర్, అవసరమైతే మానసిక వైద్యుడు పరీక్షించాలి. నిర్ణయం మనకు తెలివితక్కువగా కనిపించడం మాత్రం ఆలోచనాశక్తి లేదనడానికి రుజువు కాదు.

ఇంగ్లండులో 1993లో అచ్చం ఇలాంటి కేసే కోర్టుకెక్కింది. పాదానికి గ్యాంగ్రిన్ వచ్చిన 68 ఏళ్ల వ్యక్తి కాలు తీయడానికి ఒప్పుకోలేదు. ఆయనకు స్కిజోఫ్రెనియా ఉంది, తానొక గొప్ప డాక్టర్‌నన్న భ్రమ కూడా ఉంది. కాలు తీయకపోతే బతికే అవకాశం 15 శాతమేనని సర్జన్ అంచనా వేశారు. అయినా ఆ చికిత్స స్వభావం, దాని లాభనష్టాలు ఆయనకు అర్థమయ్యాయనీ, ఆ భ్రమలు ఈ నిర్ణయాన్ని చెడగొట్టలేదనీ కోర్టు తేల్చి, ఆయన రాతపూర్వక అనుమతి లేకుండా కాలు తీయరాదని చెప్పింది. ఆయన ఆ గండం గట్టెక్కి బతికారు. అది అదృష్టం. తీర్పు సరైనదనడానికి ఆధారం ఆ అదృష్టం కాదు, ఆయన చనిపోయినా తీర్పు సరైనదే అయ్యేది.

‘వద్దు’ అనగానే మేలు చేసే బాధ్యత తీరిపోయిందనుకునే నర్సులు, డాక్టర్లు కూడా లేకపోలేదు, అది అటానమీ పేరుతో చేతులు దులుపుకోవడం. ఆ మాట వెనుక ఏముందో కనుక్కోవడం ఆ తర్వాతి పని. కాలు తీసే విషయంలో రోగులు వెనక్కి తగ్గడానికి నాకు ఎక్కువగా కనిపించే కారణాలు ఇవి: మెలకువగా ఉండగానే కోస్తారేమోనన్న భయం, కృత్రిమ కాలు గురించి ఏమీ తెలియకపోవడం, పక్క మంచంలోని రోగి బాధను చూసి బెదరడం, పిల్లలకు భారమవుతానన్న దిగులు. మత్తు గురించి భయమైతే మత్తు డాక్టర్ వచ్చి పావుగంట మాట్లాడితే తీరవచ్చు. మోకాలి కీలు మిగిలితే కృత్రిమ కాలితో నడవడం తేలికవుతుందని ఫిజియోథెరపిస్ట్ చెబితే ఆయన ఆలోచన మారవచ్చు. వేళ్ల వరకే తీస్తే సరిపోదా, రక్తనాళంలో అడ్డు తొలగించే వీలుందా అని ఆయనే అడగవచ్చు, ఆ ప్రశ్నకు సర్జన్ సూటిగా జవాబు చెప్పాలి. ఉన్న ప్రమాదాన్ని ఉన్నట్టు చెప్పి ఒప్పించడం తప్పు కాదు. లేనిది కల్పించి బెదిరించడం, ‘ఒప్పుకోకపోతే డ్రెస్సింగ్ చేయం’ అనడం, వేరే దారి ఉన్నా దాచడం తప్పు. మీరు ‘సంతకం పెట్టకపోతే నేను అన్నం ముట్టను’ అన్నా అది కూడా బలవంతం కిందికే వస్తుంది.

ఒక చికిత్స వద్దన్నవాడు అన్ని చికిత్సలూ వద్దన్నట్టు కాదు. యాంటీబయాటిక్స్, ఇన్సులిన్, నొప్పి మందులు, డ్రెస్సింగ్ ఆయన కోరుకున్నంత వరకూ యథావిధిగా సాగాలి. ‘రోగి సహకరించడం లేదు’ అని రాస్తే కేస్‌షీట్‌లో చదివేవారికి ఏమీ తెలియదు. ఆయన అన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, ఏ సమయానికి అన్నారో, అప్పటి షుగర్ ఎంతో, ఎవరు ఏం వివరించారో, చేయించుకోకపోతే ఏమవుతుందని చెప్పారో రాయాలి. మళ్లీ మనసు మార్చుకుని ‘సరే’ అనే దారి ఆయనకు ఎప్పుడూ తెరిచే ఉంటుందని కూడా చెప్పాలి.

మీ సంతకం విషయానికొస్తే, ఆయన ఆలోచనాశక్తి బాగున్నంతకాలం అది చెల్లదు. ఆయన స్పృహ తప్పేదాకా ఆగి, అప్పుడు సంతకం పెట్టేయవచ్చని కొందరు బంధువులు అనుకుంటారు. తెలివిగా, విషయం తెలిసి చెప్పిన ‘వద్దు’ స్పృహ పోయినా పోదు. స్పృహ లేని రోగికి అత్యవసరంగా చికిత్స చేసే వెసులుబాటు ఉన్నది అతని అభిప్రాయం తెలియనప్పుడు వాడుకోవడానికే. పరీక్షలో ఆయనకు నిర్ణయించుకునే శక్తి లేదని తేలితే పరిస్థితి వేరు. అప్పుడు మీ చోటి చట్టం ప్రకారం కుటుంబాన్ని సంప్రదిస్తారు. ఆ వేళ మిమ్మల్ని అడిగేది మీకేం కావాలో కాదు, ఆయనకు మాట్లాడే శక్తి ఉంటే ఏమనేవారో. అది చెప్పాలంటే ముందే ఆయన్ను అడిగి ఉండాలి కదా.

అందుకని సర్జన్, ఆ నర్సు, నాన్నగారు, మీరు కలిసి కూర్చునే సమయం ఈరోజే అడగండి. అంతకుముందు నర్సు గానీ డాక్టర్ గానీ నాన్నగారితో ఒంటరిగా కాసేపు మాట్లాడనివ్వండి, ఎందుకంటే ‘మీకు భారమవుతాను’ అన్న మాట పిల్లల ఎదుట చాలామంది చెప్పరు. మీ వంతు వచ్చినప్పుడు ‘ఎందుకు వద్దంటున్నావు?’ అని నిలదీయకుండా, ‘దేనికి భయమేస్తోంది నాన్నా?’ అని అడిగి, ఆయన చెప్పేది పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.