నెమ్మదిగానా, నిదానంగానా?

సందేహం: ఆన్‌లైన్‌లో పరిచయమైన ఒక మ్యాచ్‌కి ‘మీరు నాకు నచ్చారు, కానీ విషయాలను నెమ్మదిగా తీసుకుందాం’ అని మెసేజ్ పెట్టాను. ‘అంటే వద్దనేగా?’ అని జవాబొచ్చింది. నా వాక్యంలో తప్పెక్కడ ఉంది? ‘నెమ్మదిగా’ బదులు ‘మెల్లగా’ అనాల్సిందా?

సమాధానం: ‘మెల్లగా’ అనకపోవడమే మంచిదైంది. మెల్లగా తప్పుకున్నాడు, మెల్లగా జారుకుంది అనే వాడుకలు దాని వెంటే ఉంటాయి. ‘నెమ్మది’కి అసలు అర్థం వేగం తక్కువని కాదు, స్వస్థత. జ్వరం నెమ్మదించింది అంటాం. కన్నడంలో ఇప్పటికీ నెమ్మది అంటే మనశ్శాంతే. కాబట్టి ఆ మాట తప్పు కాదు. అయినా మీ మనసులో ఉన్నదానికి ఇంకా దగ్గరి మాట ఒకటుంది. అది నిదానం.

ఈ మాట చాలా దూరం నడిచి వచ్చింది. సంస్కృతంలో నిదానం అంటే మొదట పశువును కట్టే తాడు. ‘దా’ అనే ధాతువుకు కట్టడమనే అర్థం కూడా ఉంది, దానికి ‘ని’ చేరింది. తాడు పట్టుకుని వెళితే కట్టుగొయ్య దొరికినట్టు, కార్యాన్ని పట్టుకుని వెళితే కారణం దొరుకుతుంది. అలా నిదానానికి మూలకారణం అనే అర్థం వచ్చింది. ఆయుర్వేదం దాన్ని రోగకారణానికీ, రోగాన్ని గుర్తుపట్టడానికీ వాడుకుంది. మాధవనిదానం అనే గ్రంథం పేరులో ఉన్నది ఈ నిదానమే. వైద్యుడు నాడి మీద వేళ్లుంచి, కళ్లు చూసి, నాలుక చూసి, ఆకలీ నిద్రా ఎలా ఉన్నాయో అడిగి గానీ రోగం పేరు చెప్పడు. అలా పరీక్షగా చూడటమే తెలుగులో ‘నిదానించి చూడటం’ అయింది. పరీక్షగా చూసేవాడు హడావుడి పడడు గనక ఆ మాటకు తాపీ అనే అర్థం తర్వాత అబ్బిందని నేననుకుంటాను. ‘నిదానమే ప్రధానం’ అన్న సామెతను బద్ధకానికి సాకుగా వాడేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందులో ఉన్నది ఆలస్యం కాదు, శ్రద్ధ. మీరు ఆ వ్యక్తిని శ్రద్ధగా తెలుసుకోవాలనుకుంటున్నారు, అంతే కదా?

ఇక మీ వాక్యం సంగతి. మందు తీసుకుంటాం, అప్పు తీసుకుంటాం, ఊపిరి తీసుకుంటాం. ‘విషయాలను నెమ్మదిగా తీసుకోవడం’ ఇంగ్లీషు వాక్యానికి తెలుగు అక్షరాలు తొడగడమే. ఈ అలవాటు ఈమధ్య మరీ ముదిరింది. ఎదుటివాళ్ల మనసు తాకాల్సిన చోట కూడా అనువాదం రాస్తున్నారు. అయితే మీకు చేటు చేసింది అది కాదు, ‘కానీ’. ‘నచ్చారు, కానీ’ అనగానే చదివేవాళ్లు ముందున్న మాటను కొట్టేసి వెనక వచ్చేదాని కోసమే చూస్తారు. మీరు నిదానించడానికి కారణం ఆ ఇష్టమే అయినప్పుడు అక్కడ రావలసింది ‘అందుకే’.

‘నచ్చారు’ అన్న భూతకాలం మీదా నాకొక చిన్న అనుమానం. అది తేల్చి చెప్పే తీర్పులా వినిపిస్తుంది, తీర్పయ్యాక ఇంకా ఆగడమెందుకని ఎదుటివాళ్లకు తోస్తుంది. ‘నచ్చుతోంది’ అంటే ఇంకా సాగుతున్న ఇష్టం. పాత తెలుగులో నచ్చడమంటే నమ్మడం కూడా. ఇష్టం, నమ్మకం రెండూ ఒక్క మాటలో ఇమిడి ఉండేవి.

నేనైతే ఇలా రాస్తాను: ‘మీతో మాట్లాడటం నాకు చాలా నచ్చుతోంది. అందుకే తొందరపడాలని లేదు. నిదానంగా ఒకరినొకరు తెలుసుకుందాం. కొన్నాళ్లు ఫోన్లో మాట్లాడుకుని, ఆ తర్వాత కలుద్దాం. మీకు ఇబ్బంది లేదు కదా?’

ఇందులో ‘కొన్నాళ్లు ఫోన్లో’ అన్న ముక్కను వదలకండి. నిదానం అంటే ఒకరికి వారానికి రెండు కాల్స్, ఇంకొకరికి నెలకొక మెసేజ్. మీ లెక్క చెప్పకపోతే ఎదుటివాళ్లు టెన్షన్ పడి తమ లెక్క తాము వేసుకుంటారు. చివరి ప్రశ్న కూడా ఉండాలి, అది లేకపోతే మీ మాట నోటీసులా తోస్తుంది. ‘చూద్దాం’, ‘కొంచెం టైమ్ కావాలి’ అని మాత్రం రాయకండి. ‘చూద్దాం’ అనేది మన భాషలో నొప్పించకుండా కాదనే పద్ధతి, దాన్ని చదివినవాళ్లు ఆశ వదిలేసుకుంటారు.

‘నచ్చుతోంది’ మరీ పొడిగా ఉందని మీకనిపిస్తే ‘నచ్చారు’ అనే రాయండి, ఆ విషయంలో నేను పట్టుబట్టను. ‘కానీ’ని మాత్రం తీసేయండి. ఇప్పటికే వెళ్లిన మెసేజ్‌కైతే ‘వద్దని కాదు, నచ్చారు గనకే నిదానంగా అన్నాను’ అని ఈరోజే జవాబు పంపండి.