ఒకే సాలగ్రామం, రెండు పూజగదులు

"శైవులకూ వైష్ణవులకూ బొట్టులో, పూజలో అసలు తేడా ఏమిటి? ఒక కుటుంబం అంతా ఒకే సంప్రదాయంలో ఎందుకు ఉంటుంది? ఎవరికి నచ్చిన దేవుణ్ణి వాళ్ళు ఎంచుకోవచ్చు కదా?"

నేను విభూతి ఇంట్లో పుట్టి నామం ఇంట్లో కోడలిగా అడుగుపెట్టాను. రెండు వైపుల అక్షింతలూ తిన్నాను కాబట్టి ఈ విషయంలో మాట్లాడే హక్కు నాకు ఉందనుకుంటున్నాను.

ముందు ఒక ఫిర్యాదు. విభూతి పెట్టుకున్న ప్రతివాడినీ శైవుడు అనేస్తారు. మా నాన్నగారు శైవులు కారు, ఐదుగురు దేవతలనూ కలిపి కొలిచే స్మార్తులు. ఆయనది పంచాయతన పూజ. పళ్ళెంలో ఐదు రాళ్ళు ఉంటాయి: శివుడికి నర్మదా బాణలింగం, విష్ణువుకు గండకీ నదిలో దొరికే సాలగ్రామం, అమ్మవారికి స్వర్ణముఖి రాయి, సూర్యుడికి స్ఫటికం, గణపతికి శోణభద్ర ఎర్రరాయి. మా ఇంట్లో మధ్యన బాణలింగం, మూలన సాలగ్రామం. విష్ణువు ఇష్టదైవమైన ఇళ్ళలో సాలగ్రామం మధ్యకు వస్తుంది, అంతే. అసలు శైవులంటే ఆరాధ్యులు, మెడలో లింగం కట్టుకునే వీరశైవులు. వాళ్ళకు వేరే దీక్ష ఉంది. ఈ తేడా తెలియకుండా రెండు మతాల యుద్ధం గురించి గంటల తరబడి వీడియోలు చేసేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఇక నా కథ. పెళ్ళయిన మొదటి నాలుగు నెలలూ అత్తగారింట్లో నేను కూరలు తరిగాను, కొబ్బరి కోరాను, గిన్నెలు సర్దాను. పొయ్యి మీద గరిటె మాత్రం పెట్టనివ్వలేదు. ఎవరూ కోపంగా చెప్పలేదు. "నీకింకా సమాశ్రయణం కాలేదు కదమ్మా" అని అత్తగారు నెమ్మదిగా గరిటె తీసుకునేవారు. ఆ నెమ్మదే నాకు ఎక్కువగా గుచ్చుకునేది. ఇరవై మందికి వండిన చేతులు ఇవి, ఇప్పుడు పనికిరాకుండా పోయాయా అని ఏడ్చిన రోజులున్నాయి.

సమాశ్రయణం అంటే ఐదు సంస్కారాలు. ఆ రోజు ఉదయం ఏమీ తినకుండా కూర్చున్నాను. హోమం జరుగుతూ ఉంటే, కర్రపిడులున్న రెండు లోహపు ముద్రలను ఆ నిప్పులో ఉంచారు. ఒకదాని మీద చక్రం, మరొకదాని మీద శంఖం. ఆచార్యులు ముందు కుడి భుజం మీద చక్రం, తరువాత ఎడమ భుజం మీద శంఖం అద్దారు. క్షణం పాటు చురుక్కుమంది. భుజం మీది నూగు కాలిన వాసన మాత్రం ఇప్పటికీ గుర్తుంది. తరువాత ఊర్ధ్వపుండ్రం పెట్టించారు, పేరు చివర "రామానుజ దాసి" అని చేర్చారు, మూడు మంత్రాలు ఉపదేశించారు, తిరువారాధన, అంటే ఇంట్లో పెరుమాళ్ళకు పూజ, చేసే అర్హత ఇచ్చారు. తాపం, పుండ్రం, నామం, మంత్రం, యాగం అని ఆ ఐదింటికీ పేర్లు.

మా నాన్నగారు ఆ రోజు వచ్చారు. నుదుట మూడు అడ్డగీతల విభూతితో, అందరూ నిలువు నామాలతో ఉన్న హాలులో, గోడవారగా కూర్చున్నారు. నా భుజం ఎర్రబడటం చూసి కళ్ళు తిప్పుకున్నారు. అంతా అయ్యాక మామగారు ఆయనను పూజగదిలోకి తీసుకువెళ్ళి పెరుమాళ్ళుగా కొలిచే సాలగ్రామాన్ని చూపించారు. నాన్నగారు వంగి చూసి, "అయ్యా, ఇది మా పళ్ళెంలోనూ ఉంది కదా!" అన్నారు. మామగారు నవ్వి, "ఉంది బావగారూ. మీ దగ్గర ఐదుగురిలో ఒకరు, మా దగ్గర ఒక్కరే" అన్నారు.

రెండు ఇళ్ళకూ ఉన్న తేడాను నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

బొట్టు సంగతీ ఇలాంటిదే. విభూతి అంటే ఆవుపేడ కాల్చిన బూడిద. ఏదైనా చివరికి మిగిలేది ఇదే అని నుదుట రాసుకోవడం. నామం అంటే తిరుమణి అనే తెల్లమట్టితో దిద్దిన స్వామి పాదాలు, మధ్యలోని ఎర్రగీత లక్ష్మి. ఆ ఎర్రటి శ్రీచూర్ణం పసుపుతో చేసేదే. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుందని పారాణి కలిపిన వాళ్ళందరికీ తెలుసు. నామంలోనూ రెండు రకాలు: కింద పాదం ముక్కు మీదికి దిగితే తెంగలై, దిగకపోతే వడగలై. ఈ పాదం కోసం కోర్టులకు ఎక్కినవాళ్ళు ఉన్నారు, అది వేరే సంగతి.

కుటుంబం అంతా ఒకే వైపు ఎందుకు ఉంటుంది అంటే, నా మటుకు సమాధానం వంటిల్లే. నియమంగా ఉండే వైష్ణవ ఇంట్లో వండినది ముందు పెరుమాళ్ళకు ఆరగింపు అవుతుంది, ఆ తరువాతే అందరి విస్తళ్ళలోకి వస్తుంది. దీక్ష లేని చేతి వంట ఆరగింపుకు పనికిరాదు. వేరే దేవతకు నివేదించినది వాళ్ళు తినరు. ఇక అదే ఇంట్లో ఒకరు శివదీక్ష తీసుకుని తమ లింగానికి విడిగా నైవేద్యం పెట్టాలంటే రెండో పొయ్యి వెలిగించాలి. అందుకే కోడలు ఏ ఇంటి నుంచి వచ్చినా ఈ ఇంటి ఆచార్యుని దగ్గరే ముద్రలు వేయించుకుంటుంది, పిల్లలూ అంతే. అది తాతల నాటి నుంచి వచ్చే గురువుల వరుస. వీరశైవుల ఇళ్ళలోనూ పసిబిడ్డకే లింగం కడతారు, ఆ లింగంతోనే కూర్చోబెట్టి సమాధి చేస్తారు. ఇందులో మనిషి ఎంచుకునే సమయం ఎక్కడుంది?

వంటింటి పట్టింపు అంతగా లేని కులాల్లో ఇది చావు దగ్గర తేలుతుంది. ఒకే కులంలో విభూతి ఇళ్ళూ నామం ఇళ్ళూ ఉంటాయి, పిల్లనిచ్చిపుచ్చుకుంటారు కూడా. విభూతి ఇంట్లో మనిషి పోతే కర్మ చేయించడానికి జంగమయ్యకు కబురు వెళుతుంది, నామం ఇంట్లో పోతే చాత్తాద వైష్ణవులకో దాసర్లకో వెళుతుంది. మిగతా రోజుల్లో ఇద్దరూ శ్రీశైలానికీ తిరుమలకూ వెళ్ళేవాళ్ళే.

మారకూడదా అంటే మారవచ్చు. పెద్దయ్యాక సమాశ్రయణం చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు. కానీ వాళ్ళు ఒంటరిగా మారితే మాత్రం ఇంట్లో పంచాంగం దగ్గరే పేచీ మొదలవుతుంది. ఏకాదశినే తీసుకోండి. సూర్యోదయం ఆరు గంటలకు అనుకుందాం. దానికి నాలుగు ఘడియల ముందు, అంటే 96 నిమిషాల ముందు, 4.24కు అరుణోదయం. దశమి 5.10 వరకు ఉందనుకోండి. సూర్యోదయానికి ఏకాదశి వచ్చేసింది కాబట్టి స్మార్తులు ఆ రోజే ఉపవాసం ఉంటారు. అరుణోదయంలో దశమి తగిలింది కాబట్టి వైష్ణవులకు అది పనికిరాదు, మర్నాడు ద్వాదశి నాడు ఉంటారు. ఒకే ఇంట్లో ఒకరు పస్తు, ఒకరు పప్పు.

నా చేతి ఆరగింపు మొదలై పంతొమ్మిదేళ్ళు అవుతోంది. పుట్టింటికి వెళితే నాన్నగారి అభిషేకానికి నీళ్ళు నేనే అందిస్తాను, అక్కడ మాత్రం పండ్లే తింటాను. అమ్మ మొదట్లో బాధపడేది, ఇప్పుడు ముందుగానే అరటిపండ్లు తెప్పించి ఉంచుతుంది. నాన్నగారు మాత్రం ఏకాదశి దగ్గర పడితే ఫోను చేసి అడుగుతారు: "అమ్మా, మీకు రేపా, ఎల్లుండా?"