స్లైడ్లు ఒకరివి, మాట్లాడేది ఇంకొకరు: నోట్స్‌లో ఏం రాయాలి?

ప్రశ్న: ఇంటర్న్‌షిప్‌లో చేరి రెండు నెలలైంది సార్. మా సీనియర్ చేసిన 12 స్లైడ్లకి స్పీకర్ నోట్స్ రాయమన్నారు. ఎల్లుండి ఆయన సెలవు, బదులుగా మాట్లాడే మేడమ్ ఈ పనిని ఇంతవరకు చూడలేదు. అంతా స్లైడ్ల మీదే ఉంది కదా, ఇంకేం రాయాలి?

జవాబు: ఆ సీనియర్ సెలవు మీద వెళ్లకముందే ఓ అరగంట పట్టుకోండి. ఒక్కో స్లైడు తెరిచి, ఎల్లుండి ఆయనే మాట్లాడితే ఎలా చెబుతారో అలాగే చెప్పమనండి. ఆయన ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసుకోండి. స్లైడు మీద లేకుండా ఆయన నోటి నుంచి వచ్చిందే మీరు రాయాల్సిన నోట్సు.

ఉదాహరణకి ఒక స్లైడు మీద నెలవారీ ఫిర్యాదుల గ్రాఫు ఉందనుకోండి. జనవరిలో 420, జూన్‌లో 260. మేడమ్‌కి అంతే కనిపిస్తుంది కాబట్టి 'సేవ మెరుగుపడింది' అనేస్తారు. కానీ ఏప్రిల్ నుంచి ఒకే మనిషి రెండుసార్లు చేసిన ఫిర్యాదును ఒకటిగా లెక్కిస్తున్నారని సీనియర్‌కి తెలుసు. ఆ సంగతి రాయకపోతే, గదిలో తెలిసినవాళ్లు ఒక్కరున్నా చాలు, ఆమె ఇరుక్కుపోతారు. కాబట్టి నోట్స్ ఇలా ఉండాలి:

"ఫిర్యాదులు తగ్గాయి, కానీ అంతా మన గొప్పే కాదు. (క్లిక్: ఏప్రిల్ గీత వస్తుంది) ఇక్కడి నుంచి లెక్కించే పద్ధతి మారింది. పాత పద్ధతిలో ఎంత అని అడిగితే: 'ఆ లెక్క తీయలేదు, తీసి పంపుతాం.' తర్వాతి స్లైడుకి: మిగిలిన ఫిర్యాదులు ఎక్కడివో చూద్దాం. 2 నిమిషాలు."

మొదటి వాక్యం మాత్రం నోటితో అనేటట్టే పూర్తిగా రాయండి. గబుక్కున చూసినప్పుడు కావలసింది అదే. మిగతావి పొడి మాటలు చాలు. పేరాలు పేరాలు రాస్తే ఆమె తలెత్తకుండా చదువుతూ పోతారు, పైగా మాట్లాడేవారికి మాత్రమే నోట్స్ చూపించే ప్రజెంటర్ వ్యూలో కిందికి జరుపుకుంటూ ఉండాలి. క్లిక్కులు నేను గుర్తు చేయకపోయినా రాస్తారనుకుంటా. అవి లేకపోతే ఆమె గీత గురించి మాట్లాడుతుంటే తెర మీద గీతే ఉండదు.

సమయం తగ్గిపోతే ఏ స్లైడ్లు వదిలేయొచ్చో మొదటి స్లైడు నోట్స్‌లోనే రాయండి. ఆ ఎంపిక మీది కాదు, సీనియర్‌ని అడగాల్సిందే.

ఫైలు ఇచ్చేటప్పుడు జాగ్రత్త. పవర్‌పాయింట్ నుంచి మామూలుగా పీడీఎఫ్ చేస్తే నోట్స్ రావు. అసలు ఫైలే పంపండి, దాంతోపాటు ప్రింట్‌లో `Notes Pages` ఎంచుకుని కాగితాలు కూడా తీసివ్వండి. అక్కడి ప్రొజెక్టరు ల్యాప్‌టాప్ తెరనే ఉన్నదున్నట్టు చూపిస్తుంటే ప్రజెంటర్ వ్యూ తెరిచారంటే నోట్స్ అందరికీ కనబడతాయి. అప్పుడు ఆదుకునేది ఆ కాగితాలే.

రేపు సాయంత్రం మేడమ్‌ని ఏవైనా మూడు స్లైడ్లు మీ ముందు చెప్పమనండి. మధ్యలో ఆగి 'ఇదెందుకు?' అని మిమ్మల్ని అడిగిన చోటల్లా ఒక వాక్యం చేర్చండి. ఆ స్లైడ్లలో ఆమె ఒక్కసారి కూడా చూడని నోట్స్ ఉంటే కొట్టేయండి.